పీప్లీ లైవ్‌లో ఏది పెంచి చూపించారు, ఏది ఉన్నది ఉన్నట్టు చూపించారు?

మాధవి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో మన తెలుగువాళ్లం ఓ ఇరవై మందిమి కూర్చుని 'పీప్లీ లైవ్' చూశాం. 2010లో వచ్చిన హిందీ సినిమా, అనూషా రిజ్వీ తీసింది. చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. పీప్లీ అనే ఊళ్లో నాథా, బుధియా అని అన్నదమ్ములు. బ్యాంకు అప్పు కట్టలేక పొలం వేలానికి వచ్చింది. ఊరి పెద్ద దగ్గరికి సాయానికి వెళ్తే, ఆత్మహత్య చేసుకున్న రైతు ఇంటికి ప్రభుత్వం లక్ష రూపాయలు ఇస్తోందట, పోయి చావండి అని వెటకారం చేసి పంపిస్తాడు. అన్న బుధియా ఆ మాటనే పట్టుకుని తమ్ముణ్ణి ఒప్పిస్తాడు. అది ఓ చిన్న విలేఖరి చెవిన పడి పేపర్లో వస్తుంది. ఇక దేశంలోని ఛానెళ్లన్నీ ఆ ఇంటి ముందు వాలిపోతాయి.

సినిమా అయ్యాక మా బ్లాక్ పెద్దాయన ఒకరు, "చూశావామ్మా, డబ్బు కోసమే చస్తారని వాళ్లే తీసి చూపించారు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. అది వ్యంగ్య చిత్రం అంకుల్, అందులో అన్నీ పెంచి చూపిస్తారు అన్నాను. ఆయన చాలా మామూలుగా అడిగారు: "అన్నీ పెంచినవే అయితే ఇందులో నిజమేది? కొన్నే పెంచారంటే అవేవో నీకెలా తెలుసు?"

నా దగ్గర జవాబు లేదు. నాలుగు రోజుల నుంచి అదే ఆలోచన. మీరైతే ఏం చెప్పేవాళ్లు?

శేషు, కోరమంగల

మాధవి గారూ, దీనికి అంత టెన్షన్ అక్కర్లేదు. వ్యంగ్యం భూతద్దం లాంటిది. ఉన్నదాన్నే పదింతలు చేసి చూపిస్తుంది. చూసేవాడు మళ్లీ పదితో భాగించుకుంటే అసలు లెక్క తేలుతుంది.

సినిమాలో నాథా ఇంటి ముందు ఛానెల్ వ్యాన్లు బారులు తీరతాయి, తినుబండారాల కొట్లు వస్తాయి, ఊరు జాతరైపోతుంది. నిజంగా అయితే రెండు మూడు వ్యాన్లు వస్తాయి. 2006లో కురుక్షేత్ర దగ్గర ఓ పసివాడు బోరుబావిలో పడ్డప్పుడు దాదాపు 50 గంటలు దేశమంతా టీవీలకు అతుక్కుపోయింది, గుర్తుందా? దాన్నే సాగదీశారు. విమర్శంతా టీవీ వాళ్ల మీద. రైతు ఆ కథకో సాకు, అంతే. మీ పెద్దాయనకు అదే చెప్పండి: ఇది రైతు సినిమా కాదు, టీవీ సినిమా.

సందీప్, మారతహళ్లి

నాకో డౌట్. నాథాది బ్యాంకు అప్పే కదా? 2008లో కేంద్రం రుణమాఫీ చేసింది. సినిమా 2010లో వచ్చింది. మరి పొలం వేలానికి ఎలా వస్తుంది? కథ పునాదే తప్పు కదా?

ప్రవీణ్, యలహంక

నేను హైదరాబాద్‌లో ఓ వార్తా ఛానెల్‌లో ఐదేళ్లు పనిచేసి, తర్వాత బెంగళూరు వచ్చాను. శేషు గారు పదితో భాగించమన్నారు కాబట్టి ఆ లెక్క ఒక్క సీనుకు వేసి చూద్దాం.

నాథా కనిపించకుండా పోయినప్పుడు హిందీ ఛానెల్ రిపోర్టరు, అతను పొద్దున బహిర్భూమికి వెళ్లిన చోట నిలబడి, ఆ మలం రంగును బట్టి మనిషి మనసెలా ఉందో ప్రేక్షకులకు వివరిస్తాడు. అందరూ ఆ సీన్ దగ్గర, మరీ ఇంతా అంటారు. నాకు మాత్రం అందులో పెంచినట్టే అనిపించలేదు. ఎందుకో చెప్తాను.

ఓసారి గోదావరి వరద వార్తకని లంక గ్రామాల వైపు వ్యాన్‌తో వెళ్లాం. మొదటి రోజు చెప్పాల్సిందంతా మొదటి గంటలోనే అయిపోయింది. నీళ్లు పెరగలేదు, తగ్గలేదు. అయినా డెస్క్ నుంచి అరగంటకోసారి ఫోను: "లైవ్‌లోకి వస్తున్నాం, కొత్తగా ఏముంది?" ఏమీ లేదంటే ఒప్పుకోరు. పక్క ఛానెల్ వాడు అక్కడే నిలబడి మాట్లాడుతున్నాడు మరి. రెండో రోజు మధ్యాహ్నానికి మా రిపోర్టరు గట్టున కట్టేసిన గేదె ముందు నిలబడి, దాని కళ్లలో భయం చూడండి అన్నాడు. అతను చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడూ కాదు. వ్యాన్‌కు రోజు అద్దె నడుస్తోంది, ఫ్రేమ్ ఖాళీగా ఉండకూడదు, మనిషి ఏదో ఒకటి మాట్లాడాలి. మూడో రోజు కూడా అక్కడే ఉంచి ఉంటే ఆ గేదె పేడ దాకా వెళ్లేవాడు.

అనూషా రిజ్వీ సినిమాకు ముందు టీవీ వార్తల్లో పనిచేసింది. ఆమె ఆ మూడో రోజు దాకా వెళ్లి చూపించింది. గేదె కళ్లు, నాథా మలం రెండూ ఒకే పని వల్ల పుట్టినవి. ఇందులో పదింతలు ఎక్కడుంది? అదే పని మరో ఇరవై నాలుగు గంటలు నడిస్తే వచ్చేది అది.

విజయలక్ష్మి, వైట్‌ఫీల్డ్

పిల్లలూ, నేను రెవెన్యూలో ముప్పై ఏళ్లు చేసి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరై ఇప్పుడు అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఈ సినిమా మూడుసార్లు చూశాను. ప్రవీణ్ బాబు టీవీ సంగతి బాగా చెప్పాడు. ఆఫీసు సంగతి నేను చెప్తాను.

ముందు సందీప్ బాబుకు. 2008 మాఫీ 2007 మార్చి 31 లోపు తీసుకున్న వ్యవసాయ రుణాల్లో బకాయిపడినవాటికే. ఆ తర్వాత తీసుకున్నవాటికి వర్తించదు, వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చినదానికి అసలే వర్తించదు. కాబట్టి కథకేం లోపం లేదు. అయినా మాధవి అడిగింది వేరే ప్రశ్న.

మాధవీ, మీ పెద్దాయన అడిగింది మంచి ప్రశ్నే. నేనెలా చూస్తానో చెప్తాను. ఈ సినిమాలో రూలు ఉంది, ఆ రూలు ఎదుట మనుషులు ప్రవర్తించే తీరు ఉంది. ఈ రెంటినీ విడదీసి చూడు. రూలును దర్శకురాలు ఇంతైనా పెంచలేదు. చనిపోతే లక్ష అనేది మన దగ్గర నిజంగా కాగితం మీద ఉన్న మాటే. 2004 జూన్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 421 ఇచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష, అప్పులవాళ్లతో ఒకేసారి తేల్చుకోవడానికి ఇంకో 50 వేలు. దాని మీద నేనూ పనిచేశాను. తహసీల్దారు, ఎస్.ఐ., వ్యవసాయాధికారి కలిసి విచారించి ఫైలు పంపాలి, పైన ఆర్డీవో స్థాయి కమిటీ చూసి అర్హత ఉందో లేదో తేల్చాలి. ఆ జీవోను తప్పుపట్టడం లేదు. ఇల్లు కూలిపోయిన ఆడమనిషికి ఆ డబ్బు చాలా అవసరం.

కానీ ఆ రూలును ఒక్కసారి అటువైపు నుంచి చదువు. బతికి ఉండి, అప్పులో మునిగి, రేపో మాపో అన్నట్టున్నవాడి కోసం ఏ కాగితమూ లేదు. మనిషి పోయాకే ఫైలు పుడుతుంది. సినిమా చేసిందల్లా ఆ రూలును అక్షరాలా నమ్మే ఇద్దరు అమాయకుల చేతిలో పెట్టడమే. ప్రభుత్వం చచ్చినవాడికి ఇస్తుందంటే, సరే చస్తాం అన్నారు. ఇక కథంతా ఆఫీసులు ఆ మాటకు ఏం జవాబు చెప్తాయో చూపిస్తుంది. చావబోతున్నానని ముందే చెప్పినవాణ్ణి ఏ గడిలో రాయాలో జిల్లాలో తెలియదు, ఢిల్లీలోనూ తెలియదు. వెతికి వెతికి చివరికి అతనికి ఓ చేతిపంపు ఇస్తారు. లాల్‌బహదూర్ అని దాని పేరు. బిగించడానికి డబ్బు రాదు. అది అలాగే ఇంట్లో పడి ఉంటుంది.

మీ క్లబ్‌హౌస్‌లో అక్కడ నవ్వే ఉంటారు. నాకు నవ్వు రాలేదు. నేను పనిచేసిన ఒక మండలంలో పురుగుమందు తాగి పోయిన రైతు ఇంటికి విచారణకు వెళ్లాం. పరిహారం తేలడానికి నెలలు పడుతుంది, ఈలోగా ఏదైనా ఇద్దామని మా పైఅధికారి అన్నారు. మంచి ఉద్దేశమే. ఏముంది ఇవ్వడానికి అని వాకబు చేస్తే, ఆ నెలలో సబ్సిడీ కింద వచ్చి గోడౌన్‌లో ఉన్నవి స్ప్రేయర్లే. పురుగుమందు కొట్టే స్ప్రేయరు. దాన్ని ఆ ఇంటికి పంపించారు. ఆ ఇల్లాలు దాన్ని వసారాలో మూలకు పెట్టి మీద గోనెపట్టా కప్పింది. మళ్లీ వెళ్లినప్పుడు కూడా ఆ పట్టా అలాగే ఉంది. అధికారి క్రూరుడు కాదు. ఏ పద్దు కింద ఏం వచ్చిందో అదే ఇవ్వగలడు, వేరేది కొనడానికి వీల్లేదు. లాల్‌బహదూర్ సరిగ్గా అదే.

అందుకే ఎంత పెంచారని కొలవకు. ఏ రూలును దాని చివరిదాకా నడిపించారో చూడు.

శేషు, కోరమంగల

విజయలక్ష్మి గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. కానీ నా లెక్క పూర్తిగా తప్పేం కాదు. వ్యాన్ల విషయంలోనైనా పదితో భాగించొచ్చు కదా?

విజయలక్ష్మి, వైట్‌ఫీల్డ్

అక్కడే అసలు తప్పు వస్తుంది బాబూ. భాగించావంటే రైతు చావు దగ్గరికి రెండు మూడు వ్యాన్లైనా వస్తాయని తేలుతుంది. నేను చూసినన్ని కేసుల్లో ఒక్కదానికీ ఒక్క వ్యాన్ రాలేదు. జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్లు పడితే గొప్ప.

2006లో ముంబైలో ఫ్యాషన్ వీక్‌కు 512 మంది విలేఖరులు పాసులు తీసుకున్నారని, అదే సమయంలో విదర్భలో రైతుల ఆత్మహత్యలను రాయడానికి వెళ్లిన జాతీయ పత్రికల వాళ్లు ఆరుగురు కూడా లేరని పి. సాయినాథ్ లెక్క చెప్పారు. సినిమా ఆ లెక్కను తలకిందులు చేసింది. రాని జనాన్ని వచ్చినట్టు చూపించింది. ఎప్పుడొచ్చారు? మనిషి ఇంకా చావనప్పుడు, చస్తాడా చావడా అనే ఉత్కంఠ ఉన్నప్పుడు. నువ్వు చెప్పిన బోరుబావి కూడా అదే రకం. తెగకుండా సాగే సస్పెన్స్ ఉంటేనే వ్యాన్ వస్తుంది. 2009లో జాతీయ నేర రికార్డుల లెక్కలో 17,368 మంది రైతులు ఆత్మహత్య చేసుకున్నట్టు ఉంది. వాళ్లలో ఎవరికీ సస్పెన్స్ లేదు.

సినిమాలో హోరీ మహతో అని ఒకాయన ఉన్నాడు, గుర్తుందా? ఎముకల గూడులా ఉంటాడు. పొలం పోగొట్టుకున్నాడు. రోజూ గొయ్యి తవ్వి మట్టి అమ్ముకుంటాడు. మాట్లాడడు. పేపర్లో మొదట రాసిన ఆ చిన్న విలేఖరి రాకేశ్, దారిలో అతన్ని చూస్తుంటాడు. ఓరోజు చూస్తే తను తవ్విన గోతిలోనే చచ్చిపడి ఉంటాడు. రాకేశ్ వెళ్లి ఇంగ్లీషు ఛానెల్ ఆవిడకు చెప్తే, ఆవిడకు నాథాయే కావాలి. ఆ హోరీ సీన్లలో హాస్యం లేదు. సినిమా మొత్తంలో ఇసుమంత కూడా పెంచకుండా చూపించిన మనిషి అతనే. నిజంగా జరిగేది అదని చెప్పడానికే అతన్ని జాతర పక్కన పెట్టారని నా నమ్మకం. మాధవీ, నీ ప్రశ్నకు నేనిచ్చే జవాబులో సగం ఇక్కడుంది. వ్యంగ్య చిత్రంలో ఎవరిని పెంచకుండా వదిలేశారో ముందు వెతుకు. వాణ్ణి కొలబద్దగా పెట్టుకుంటే మిగతావాళ్లను ఎంత సాగదీశారో, ఎటువైపు సాగదీశారో తెలుస్తుంది.

మాధవి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

అమ్మా, హోరీ సంగతి చదివాక లేచి మళ్లీ ఆ ముక్క పెట్టుకుని చూశాను. మొదటిసారి చూసినప్పుడు అతను నా కంట పడనేలేదు. వ్యాన్ల వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇంకోటి కూడా పట్టుకున్నాను. హోరీ, ధనియా ప్రేమ్‌చంద్ 1936లో రాసిన 'గోదాన్' నవలలోని మొగుడూ పెళ్లాల పేర్లు. అందులో హోరీ చివర్లో కూలిపనిలో ఎండదెబ్బ తగిలి పోతాడు. ఈ సినిమాలో ధనియా పేరును నాథా భార్యకు పెట్టారు, హోరీ పేరును గొయ్యి తవ్వేవాడికి ఇచ్చారు. పాత కథలోని జంటను విడదీసి, ఒకరిని కెమెరాల ముందు, ఒకరిని కెమెరాలు లేనిచోట పెట్టినట్టుంది.

కానీ పెద్దాయన అన్నది ఇంకా తేలలేదు. డబ్బు కోసం చస్తారు అనే మాట. అది రూలా, ప్రవర్తనా, పెంచినదా?

రఘు, బొమ్మనహళ్లి

నేనెప్పుడూ ఇక్కడ రాయను, చదివి ఊరుకుంటా. ఈరోజు రాయకుండా ఉండలేకపోతున్నా. మాది రాయదుర్గం వైపు. 2005లో మా చిన్నాన్న ఇట్లే పోయినాడు.

మూడెకరాలు మా తాత పేరున ఉండె. ఇంకో నాలుగెకరాలు కౌలుకు చేస్తా ఉండె. వేరుశనగ. మూడు బోర్లు వేయించినాడు, మూడూ ఎండిపాయె. ఎరువుల అంగట్లో అప్పు, ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు. బ్యాంకులో ఏమీ లేదు, ఆయన పేరున పాసుపుస్తకమే లేదు కదా, బ్యాంకెట్ల ఇస్తుంది?

పోయిన దినం పోలీసాయన వచ్చినాడు. ఎందుకు పోయినాడు అని అడిగితే మా ఇంట్లో అందరికీ భయం. అప్పుల పేరు చెప్తే అప్పులోళ్లు ఈ రాత్రికే ఇంటి మీదికి వస్తారని, కేసు పెద్దదవుతుందని ఎవరో అన్నారు. మా చిన్నమ్మతో "కడుపునొప్పి తట్టుకోలేక" అని చెప్పించినారు. ఆమె వేలిముద్ర వేసింది. నాకప్పుడు పదహారేండ్లు, పక్కనే నిలబడి ఉంటి. ఆ కాగితం మీద సిరా ఆరకముందే మడత పెట్టినారు, వేలిముద్ర రెండు పక్కలా పడింది.

ఆరు నెలలకు ఎవరో పరిహారం ఉందని చెప్తే తిరిగినాము. భూమి ఆయన పేరున లేదు అన్నారు. కౌలుకు కాగితం ఉందా అన్నారు. మా పక్క కౌలంటే నోటిమాటే, కాగితం ఎవరు రాస్తారు? అప్పుకు ప్రామిసరీ నోటు చూపించమన్నారు, అది అప్పిచ్చినాయప్ప దగ్గర ఉంటుంది, మా దగ్గర ఎట్ల ఉంటుంది? చివరకు కారణం కడుపునొప్పి అని ఉంది కదమ్మా అన్నారు. రాలేదు.

సినిమాలో చివర్న జరిగేది నాకు గుండెలో గుచ్చుకుంది. కొట్టంలో మంటలొచ్చి ఒకరు చచ్చిపోతారు, అది నాథా అనుకుంటారు. నిజానికి పోయింది ఆ చిన్న విలేఖరి. అయినా నాథా ఇంటోళ్లకు పరిహారం రాదు. ఎందుకంటే అది ప్రమాదం, ఆత్మహత్య కాదు. అందరూ దాన్ని కథలో మలుపు అంటారు. నేను అట్లాంటి కాగితం చేత్తో పట్టుకున్నా. మా చిన్నాన్నది ఆత్మహత్యే గానీ, కాగితంలో కడుపునొప్పి.

మాధవి అక్కా, ఆ పెద్దాయనకు ఇది చెప్పు. డబ్బు కోసం చచ్చేవాడైతే మా చిన్నాన్న ముందు భూమి తన పేరున రాయించుకుని, కౌలు కాగితం రాయించుకుని, నోట్ల జిరాక్సులు పెట్టెలో పెట్టి పోయుండేవాడు.

ప్రవీణ్, యలహంక

రఘు, చాలా బాధగా ఉంది తమ్ముడూ. రాసినందుకు కృతజ్ఞతలు.

శేషు, కోరమంగల

రఘు గారూ, నేను రైతు సాకు అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ ఒక్కటి అడగాలి, తప్పుగా అనుకోవద్దు. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే, పరిహారం కోసం చావడానికి ఒప్పుకునే రైతును కథ మధ్యలో నిలబెట్టడం సినిమా చేసిన తప్పు కాదా? అప్పట్లో విదర్భ రైతు సంఘం వాళ్లు కూడా ఈ సినిమా మా చావులను ఎగతాళి చేస్తోందని అభ్యంతరం చెప్పారు. మాధవి గారి పెద్దాయన లాగా దేశంలో ఎంతమంది చూసి ఉంటారు?

విజయలక్ష్మి, వైట్‌ఫీల్డ్

శేషు బాబూ, ఇది న్యాయమైన మాట. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఉన్నది చెప్తాను.

మాధవి అడిగిన దానికి జవాబు ఇది: సినిమాలో నిజంగా కల్పించింది ఆ ఉద్దేశాన్నే. రూలు నిజం, ఛానెల్ పని తీరు నిజం, చేతిపంపు నిజం. పరిహారం కోసం చావు అనేది మాత్రం కథ నడవడానికి వేసిన మెట్టు. ఆ మాట మొదట ఎవరి నోట వస్తుందో చూడండి. రైతు నోట రాదు, ఊరి పెద్ద నోట వస్తుంది, అదీ వెటకారంగా. నాథా తనంతట తానుగా ఒక్కసారి కూడా చస్తానని అనుకోడు. అన్న ఒప్పిస్తాడు, మిగతా సినిమా అంతా బెదురు చూపులతో తప్పించుకు తిరుగుతాడు. ఆఖరికి చావడు, గుర్‌గావ్‌లో కట్టడాల దగ్గర మట్టి మోస్తూ కనిపిస్తాడు. ఆ ఉద్దేశం నిజమని సినిమా నమ్మి ఉంటే, ఆ మనిషి దాన్ని అమలు చేసేవాడు.

బయట చూసినా అంతే. జీవో 421 వచ్చింది 2004లో. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతులు ఒకరి వెనక ఒకరు పోయినప్పుడు ఆ జీవో ఎక్కడుంది?

కానీ చూసేవాడు ఈ మెట్టును మెట్టుగా గుర్తుపట్టాలంటే అతనికి ఆఫీసు గుమ్మం కొంచెమైనా తెలిసి ఉండాలి. రఘుకు తెలుసు, నాకు తెలుసు. పదో అంతస్తులో ఏసీలో కూర్చుని చూసేవాళ్లకు తెలియదు. వాళ్లకు అదే మొదటి సమాచారం, దాంతో కల్పనే రూలులా కనిపిస్తుంది. ఆ పొరపాటు జరక్కుండా దర్శకురాలు ఇంకేదైనా చేసి ఉండొచ్చా? పరిహారం ఫైలు ఎలా నడుస్తుందో చూపించే సీను ఒక్కటి పెట్టి ఉంటే బాగుండేదని నాకు మూడోసారి చూసినప్పుడు అనిపించింది. పెడితే సినిమా ఆగిపోయేదేమో కూడా.

సందీప్, మారతహళ్లి

ఆంటీ, ఇప్పుడు ఆ పరిహారం ఎంతుంది? కౌలు రైతులకు వస్తుందా?

విజయలక్ష్మి, వైట్‌ఫీల్డ్

ఆంధ్రప్రదేశ్‌లో 2015లో ఐదు లక్షలు చేశారు, 2019లో ఏడు. కౌలుదారులకు గుర్తింపు కార్డులు ఇవ్వడానికి 2011లో చట్టం వచ్చింది, 2019లో దాని స్థానంలో ఇంకోటి తెచ్చారు, కానీ కార్డు కావాలంటే చాలాచోట్ల భూమి యజమాని ఒప్పుకోడు, తన భూమి పోతుందేమోనని భయం. డబ్బు పెరిగింది, గడులు అలాగే ఉన్నాయి.

మాధవి, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్

నిన్న సాయంత్రం పెద్దాయన్ని లిఫ్ట్ దగ్గర పట్టుకుని కిందే బెంచీ మీద కూర్చోబెట్టాను. రఘు రాసింది, పేరు చెప్పకుండా, చదివి వినిపించాను. సినిమా గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. చాలాసేపు ఊరుకుని, "వేలిముద్ర రెండు పక్కలా పడిందా" అని అడిగారు. వాళ్ల నాన్న ప్రకాశం జిల్లాలో పొగాకు వేసేవారట. అంతకుమించి చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన అభిప్రాయం మారిందో లేదో నాకు తెలియదు.

వచ్చే నెల మళ్లీ వేద్దామనుకుంటున్నాం. ఈసారి సినిమాకు ముందు విజయలక్ష్మి గారు పది నిమిషాలు ఆ విచారణ ఫైలు గురించి చెప్తే బాగుంటుందని నా కోరిక. ప్రవీణ్ గారికి ఇష్టమేనా తెలియదు.

ప్రవీణ్, యలహంక

నాకైతే సినిమా తర్వాతే చెప్పాలనిపిస్తుంది. ముందే చెప్తే ఎక్కడ నవ్వాలో, ఎక్కడ నవ్వకూడదో చూసుకుంటూ కూర్చుంటారు. ముందు నవ్వనివ్వండి. లాల్‌బహదూర్‌కు నవ్విన మనిషే ఆ తర్వాత స్ప్రేయరు సంగతి వినాలి.

విజయలక్ష్మి, వైట్‌ఫీల్డ్

ముందా తర్వాతా మీరే తేల్చుకోండి, నేను వస్తాను. రఘూ, నీకు ఆశ పెట్టను, ఇరవై ఏళ్ల నాటి ఫైలు మళ్లీ తెరవడం కష్టం. అయినా తిరస్కరించినప్పుడు మీకిచ్చిన కాగితం ఉంటే ఒకసారి చూడు బాబూ, ఏ గడిలో ఏం రాశారో. నాకు తెలుసుకోవాలని ఉంది.

రఘు, బొమ్మనహళ్లి

ఉంది అమ్మా. చిన్నమ్మ ఇక్కడే గార్మెంట్స్‌లో పనిచేస్తుంది, మా ఇంటి వెనక వీధిలో ఉంటుంది. రేకు పెట్టెలో రేషన్ కార్డుతో పాటు దాచిపెట్టింది. నిన్న రాత్రి తీయించినా. ఫోన్లో సినిమా చివరి పదినిమిషాలు కూడా చూపించినా. నాథా మట్టి మోసేది చూసి, "ఆయప్ప పెండ్లాం బిడ్డలకు ఎవరన్నా ఏమన్నా ఇచ్చినారా?" అని అడిగింది. లేదు చిన్నమ్మా అని చెప్పినా.

కాగితంలో మరణానికి కారణం అన్నచోట కడుపునొప్పి అని ఉంది. భూమి వివరం అన్నచోట ఏమీ రాయలేదు. లేదు అని కూడా రాయలేదు, ఖాళీగా వదిలేసినారు.